గిన్నె, కవర్, హిస్సా: నోట్‌బుక్ నుంచి పేపర్ దాకా

1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఒక పరిశోధనా కేంద్రానికి ఎవరో నిప్పు పెట్టారు. అక్కడ ఎం.ఎన్. శ్రీనివాస్ గదిలో ఉన్న కాగితాలు కాలిపోయాయి. మైసూరు ప్రాంతంలో, తాను రాంపుర అని మారుపేరు పెట్టిన ఊళ్లో ఉండి రాసుకున్న నోట్స్‌ని ఆయన ఏళ్ల తరబడి విడదీసి, వర్గాలుగా పేర్చి, మూడు ప్రతులు చేసి పెట్టుకున్నారు. ఆ మూడూ పోయాయి. తర్వాత ఎక్కువగా జ్ఞాపకం మీద ఆధారపడి 'ద రిమెంబర్డ్ విలేజ్' రాశారు. అది 1976లో అచ్చయింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు 'ఊళ్లో చూసి రాసుకున్నవి కాలిపోయాయా' అని అఫ్‌సోస్ పడతారు. నాకు మాత్రం మధ్యలో చేసిన పని గురించే బాధగా ఉంటుంది. ఊరికీ పుస్తకానికీ నడుమ ఒక పెద్ద మెహనత్ ఉంది. బయటివాళ్లకి అది కనిపించదు. మన ఇళ్లల్లో ఇప్పుడు సోషియాలజీ, ఆంత్రోపాలజీ చదివే ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. నోట్స్ కుప్పలా పడి ఉంటాయి, పేపర్ ఎక్కడ మొదలెట్టాలో తెలీదు. ఆ నడుమ ఏం జరుగుతుందో నా పేపర్ ఒకటి పట్టుకుని చెబుతాను. విషయం మీ అందరికీ తెలిసిందే, బక్రీద్ గోష్ పంచడం.

రాయలసీమలో ఒక పట్నం, అందులో 14 ఇళ్ల గల్లీ. ఊరి పేరు చెప్పను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఆ ఏడు 8 ఇళ్లల్లో ఖుర్బానీ అయింది, 6 ఇళ్లల్లో కాలేదు. మూడు రోజులూ నేను ఆడవాళ్ల మధ్య, వంటిళ్లల్లో, గుమ్మాల దగ్గర ఉన్నాను. గోష్‌ని మూడు హిస్సాలు చేయడం ముస్తహబ్ అని మనందరికీ తెలుసు. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకీ దోస్తులకీ, ఒకటి గరీబులకి. కితాబుల్లో ఉన్నది అదీ. గల్లీలో అది ఎలా జరుగుతుందన్నది నా ప్రశ్న.

పగలు చేతిలో చిన్న డైరీ. అందులో పడేవి ముక్కలే: 'మూలిల్లు, 11:40, స్టీలు గిన్నె, చిన్నోడు.' రాత్రి పడుకునే ముందు ఆ ముక్కల్ని పూర్తి వాక్యాలుగా రాయాలి. ఒక్క రాత్రి ఆగితే ఎవరు ముందు మాట్లాడారో, ఎవరు తర్వాతో కలిసిపోతుంది. రాసేటప్పుడు నేను మూడు రకాలు విడిగా పెట్టుకుంటాను. చెవిన పడ్డ మాట ఉన్నదున్నట్టు గుర్తుంటే జంట కోట్స్‌లో. భావం మాత్రమే గుర్తుంటే ఒంటి కోట్స్‌లో. నాకు తోచింది పక్కన మార్జిన్‌లో, పెన్సిల్‌తో. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ, రెండు నెలల తర్వాత ఒక మాట వాళ్లదా నాదా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు దిక్కు ఇదొక్కటే.

మొదటి రోజు నోట్స్‌లో ఒక ముక్క ఇది.

"మూలింటి ఆపా నేల మీద చాప పరిచి గోష్ సర్దుతున్నారు. ఎడమ పక్క ఐదు స్టీలు గిన్నెలు, మూతలతో. కుడి పక్క ప్లాస్టిక్ కవర్లు. పదేళ్ల కొడుకు ఒక కవర్ తీసుకుని, 'యే ఫుప్పూకే ఘర్‌కా?' అన్నాడు. ఆపా వాడి చేతిలోంచి కవర్ లాక్కుని గిన్నె ఇచ్చారు. ఏమీ అనలేదు. వాడు గిన్నె పట్టుకుని వెళ్లాడు. ఇరవై నిమిషాలకి తిరిగొచ్చాడు. గిన్నెలో గుప్పెడు చక్కెర."

నోట్స్ అన్నీ టైప్ చేశాక మొదటి పని, ఒకే బైఠక్‌లో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం. ఎమర్సన్, ఫ్రెట్జ్, షా అనే ముగ్గురు ఫీల్డ్ నోట్స్ రాయడం మీద 1995లో తెచ్చిన పుస్తకం ఇప్పటికీ క్లాసుల్లో చదివిస్తారు. వాళ్లూ ఇదే చెబుతారు. నోట్స్ రోజుకొకటిగా రాస్తాం కాబట్టి మన మనసులో అవి రోజులుగానే ఉంటాయి. వరుసగా చదివినప్పుడు మొదటి రోజు గిన్నె, మూడో రోజు గిన్నె పక్కపక్కకి వస్తాయి.

రెండో పని కోడింగ్. కంప్యూటర్ కోడ్‌తో దీనికి సంబంధం లేదు. నోట్స్‌లో ప్రతి వరుస పక్కన, అక్కడ ఏం జరుగుతోందో రెండు మూడు మాటల్లో రాసుకోవడమే. పిల్లలు ఇక్కడ రాసేవి సాధారణంగా ఇలా ఉంటాయి: 'దానం', 'బంధుత్వం', 'మతం', 'పేదరికం'. ఇవి కోడ్‌లు కావు, బీరువా అరలకి అంటించే చీటీలు. గుర్తుపట్టడం సులువు. ఆ మాటని మీ నోట్స్ చదవని మనిషి కూడా ముందే ఊహించగలిగితే అది చీటీ. బక్రీద్ మీద పేపర్ అనగానే 'దానం' అని ఎవరైనా అంటారు.

పై ముక్కకి నేను రాసుకున్నవి ఇవి: 'రెండు పక్కలుగా సర్దడం', 'ఏ ఇంటికి ఏ పాత్రో పిల్లాడికి మాట లేకుండా నేర్పడం', 'కవర్ లాక్కోవడం', 'గిన్నె ఖాళీగా రాకపోవడం'. అన్నీ పనులే. మనుషులు చేస్తున్నదాన్ని పనిగా రాస్తే, 'ఇదే పని ఇంకెక్కడ జరిగింది' అని అడగడానికి వీలవుతుంది. 'బంధుత్వం' ఇంకెక్కడ జరిగింది అని అడగలేం, అది అంతటా ఉంటుంది.

వాళ్ల మాటనే కోడ్‌గా పెట్టుకోవడమూ ఉంది. మా గల్లీలో ఆ మాట 'హిస్సా'. చెల్లెలి ఇంటికి వెళ్లేదీ హిస్సానే, గేటు దగ్గర ఇచ్చేదీ హిస్సానే. నా మార్జిన్‌లో మాత్రం పెన్సిల్ రాతలో 'ఖైరాత్' అని చాలాచోట్ల ఉంది. జంట కోట్స్‌లో వెతికితే మొత్తం నోట్స్‌లో ఆ మాట ఒక్కసారే వచ్చింది. అదీ ఒక చాచా తన మనవడిని సరిచేస్తూ అన్నది: "యే ఖైరాత్ నై, హిస్సా హై." అంటే గల్లీ ఆ మాటని వాడకుండా జాగ్రత్త పడుతోంది. నా పెన్సిల్‌కి తేలిగ్గా వస్తున్న మాట వాళ్ల నోటికి ఎందుకు రావడం లేదు? ఇలాంటి ప్రశ్న తగిలినప్పుడు కోడింగ్ ఆపి విడిగా ఒక పేజీ రాసుకోవాలి. దాన్ని మెమో అంటారు. అది ఎవరికీ చూపించేది కాదు, మనతో మనం మాట్లాడుకోవడం. నా మెమో మొదటి వాక్యం: 'గిన్నె తిరిగొస్తుంది, కవర్ రాదు.'

అక్కడి నుంచి పని మారుతుంది. అన్ని కోడ్‌లూ మోయడం ఆపి ఒక్క ప్రశ్న పట్టుకుని నోట్స్ మొత్తం మళ్లీ మొదటి నుంచి చదవాలి. నేను ఒక పట్టీ వేశాను. ప్రతిసారీ గోష్ ఎవరింటి నుంచి వెళ్లింది, ఎవరింటికి, దేనిలో, ఎవరు మోశారు, ఏమన్నారు, ఏం తిరిగొచ్చింది. మొత్తం 53 వరుసలు వచ్చాయి. 31 గిన్నెలు, 22 కవర్లు. కవర్లలో 13 గేటు దగ్గరికి వచ్చిన బయటివాళ్లకి, 9 గల్లీలోనే ఖుర్బానీ కాని ఇళ్లకి. గిన్నెల్లో 26 ఖుర్బానీ అయిన ఇళ్లకీ చుట్టాలకీ. వాటిలో 19 సార్లు గిన్నె ఏదో ఒకటి మోసుకుంటూ రావడం చూశాను. చక్కెర, పుదీనా కట్ట, వాళ్లింటి గోష్. మిగతా 7 నేను చూడలేదు. పట్టీలో అక్కడ 'రాలేదు' అని రాయకూడదు, 'చూడలేదు' అని రాయాలి. ఆ సమయానికి నేను ఇంకో వంటింట్లో ఉన్నాను. ఈ రెండు మాటల తేడా చెరిగిపోతే పట్టీ మొత్తం ఝూఠ్ అవుతుంది.

ఇప్పటికి ఒక థీమ్ చేతికి వచ్చినట్టే ఉంది. ఇచ్చే ఇల్లు పాత్రని ఎంచుకుంటుంది. సమానం అనుకున్న ఇంటికి గిన్నె, తక్కువ అనుకున్న ఇంటికి కవర్. మార్సెల్ మోస్ 1925లో బహుమతుల గురించి రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చదివేదే. ఇవ్వడం, తీసుకోవడం, తిరిగివ్వడం మూడూ బాధ్యతలే అంటాడాయన. దానికీ ఇది సరిపోతుంది. చాలా పేపర్లు ఇక్కడే ఆగిపోతాయి. చదవడానికి బాగానే ఉంటాయి కూడా. కానీ పట్టీలో ఇంకా 5 గిన్నెలు మిగిలి ఉన్నాయి.

ఆ ఐదూ ఖుర్బానీ కాని ఇళ్లకి వెళ్లినవి. థీమ్ ప్రకారం అవి కవర్లు కావాలి. ఒక థీమ్ నిలబడుతుందా లేదా అన్నది దానికి సరిపోయే వరుసల్లో తెలియదు, సరిపోని వరుసల్లోనే తెలుస్తుంది. గ్లేసర్, స్ట్రాస్ అనే ఇద్దరు 1967లో చెప్పిన పద్ధతిలో ప్రాణం ఇదే. ప్రతి సంఘటననీ ఇంకో సంఘటనతో పోలుస్తూ పోవాలి, పోలిక కుదరని చోట ఆగాలి. ఐదు వరుసలే కదా అని కింద ఫుట్‌నోట్‌లో పెట్టేస్తే ఎవరూ అడగరు. నేను ఆ ఐదు పేజీలూ తీసి మళ్లీ చదివాను. రెండో రోజు ముక్క ఇది.

"చివరింటి ఖాలా మనవరాలు వచ్చింది. చేతిలో మూత ఉన్న గిన్నె. గుమ్మంలోనే నిలబడింది. 'నానీ భేజీ. నింబూ లేకో, హమారా హిస్సా ఇస్మే డాలో బోలీ.' ఆపా మూత తీశారు. ఆరు నిమ్మకాయలు. ఆపా చాప మీదున్న కవర్ వైపు ఒకసారి చూశారు. అది కట్టేసి ఉంది. విప్పి, గోష్‌ని గిన్నెలోకి తిప్పి, ఇంకో రెండు ముక్కలు వేశారు."

ఖాలా బేవా. కుట్టుపని మీద ఇల్లు నడుస్తుంది. ఆమె కోసం కట్టిన కవర్ సిద్ధంగా ఉంది. ఆమె తన గిన్నె తానే పంపింది, అందులో తిరిగివ్వాల్సింది ముందే పెట్టి పంపింది. ఐదు గిన్నెల్లో మూడు ఖాలావే, మూడు వేర్వేరు ఇళ్లకి. నాలుగోది ఇంకో ఇంటిది, కరివేపాకుతో వచ్చింది. ఐదోది ఖాళీగా వచ్చింది. దాని ముందు రోజు పేజీ తిప్పితే, ఆ ఇంటి అమ్మాయి మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుని గోష్ సర్దింది. ఖుర్బానీ గోష్‌ని మజ్దూరీ కింద ఇవ్వకూడదు, ఖసాయికి కూడా డబ్బే ఇస్తాం. కాబట్టి ఆ పనికి ఈ గోష్ అని ఎవరూ అనలేదు, అనరు. ఆ రెంటికీ సంబంధం ఉందని నేను కూడా ఖచ్చితంగా అనలేను. పేపర్‌లో 'ఈ రెండూ పక్కపక్కన జరిగాయి' అని మాత్రమే రాశాను.

థీమ్ మార్చి రాసుకోవాల్సి వచ్చింది. 'ఇచ్చేవాళ్లు పాత్రని ఎంచుకుంటారు' అన్న వాక్యంలో తీసుకునేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నోట్స్‌లో వాళ్లు అలా కూర్చోలేదు. కొత్త వాక్యం ఇది: 'హిస్సా తీసుకునే ఇల్లు, తిరిగి ఇవ్వడానికి ఒక దారి వెతుక్కుంటుంది. గిన్నె ఆ దారి.' ఇప్పుడు 31 గిన్నెలూ ఇందులో ఉన్నాయి, ఐదింటినీ బయటికి నెట్టాల్సిన పని లేదు.

మరి 22 కవర్లు? ఈ ప్రశ్న అడగకపోతే థీమ్ సగమే. గల్లీలోని 9 కవర్లలో ఏం తిరిగొచ్చిందో నేను చూసింది చాలా తక్కువ. దాని గురించి పేపర్ మౌనంగా ఉంది. గేటు దగ్గరి 13 కవర్ల పేజీలు మాత్రం వరసగా పెట్టుకుని చదివాను. వచ్చినవాళ్లు వేరే మొహల్లాల నుంచి వచ్చారు, మళ్లీ కనిపించరు. గిన్నె తేలేరు, నిమ్మకాయలు పంపలేరు. వాళ్ల మాటలు జంట కోట్స్‌లో ఇలా ఉన్నాయి: "హమారా హిస్సా దేవ్ అమ్మా." "మా హిస్సా ఉంచారా తల్లీ?" అడుక్కునేటప్పుడు మామూలుగా వినిపించే 'అల్లాకే నామ్ పే' ఆ మూడు రోజుల నోట్స్‌లో లేదు. తిరిగివ్వడానికి దారి లేనివాళ్లు హఖ్‌గా అడిగారు. మూడో వంతు ముందే తమదైనప్పుడు తిరిగివ్వాల్సిన పని ఏముంది? కాబట్టి పేపర్‌లో రెండో థీమ్: 'తిరిగివ్వలేని చోట, హిస్సా అన్న మాటే గిన్నె పని చేస్తుంది.' చాచా మనవడిని ఎందుకు సరిచేశాడో ఇక్కడ అర్థమైంది.

రెండు థీమ్‌లూ పూర్తి వాక్యాలని గమనించండి. థీమ్ అంటే ఎవరైనా 'కాదు' అనడానికి వీలున్న వాక్యం. 'దానమూ బంధుత్వమూ' అన్న శీర్షికని ఎవరూ కాదనలేరు, అందుకే అది ఏమీ చెప్పదు. 'నోట్స్‌లోంచి థీమ్‌లు బయటపడ్డాయి' అని పేపర్లలో రాస్తుంటారు. అవి వాటంతట అవి బయటపడవు. ఒక మనిషి కూర్చుని ప్రశ్న పెట్టుకుని, పట్టీ వేసి, కుదరని వరుసల దగ్గర ఆగి కట్టినవి. ఆ మనిషి ఎక్కడ కూర్చుందో కూడా చెప్పాలి. నేను మగవాళ్లు కోసే చోట లేను, మదర్సాకి చర్మాలు ఇచ్చే చోట లేను. ఒక గల్లీ, ఒక ఈద్, వంటిళ్ల వైపు నుంచి. నా వాక్యాలు అంతవరకే పోతాయి.

రాసేటప్పుడు ఒక్కో ముక్కకి ఒక్కో పేరా. ముందు నేను చెప్పదలచుకున్నది ఒక వాక్యం, తర్వాత ఎవరు ఎక్కడ అన్నది, తర్వాత నోట్స్ ముక్క ఉన్నదున్నట్టు, తర్వాత అందులో ఏం చూడాలో. నోట్స్ ముక్క నా మాట కంటే కాస్త ఎక్కువ చెప్పేలా ఉండాలి. ఆపా కట్టేసిన కవర్ వైపు చూసిన చూపుని నేను పూర్తిగా వివరించలేదు. చదివేవాళ్లకి అది కనిపిస్తుంది, నా వివరణ తప్పని వాళ్లకి తోస్తే దానికి ఆధారం కూడా అక్కడే ఉంటుంది.

ఇక పేర్లు. పేపర్‌లో మారుపేర్లు పెట్టాను. 14 ఇళ్ల గల్లీలో మారుపేరు ఎవరినీ దాచదు. 'బేవా, కుట్టుపని, చివరిల్లు' అంటే గల్లీ మొత్తానికీ తెలిసిపోతుంది. అందుకని వాదానికి అక్కర్లేనివి మార్చాను. ఇల్లు ఎటు పక్కనో, పని ఏమిటో, పిల్ల మనవరాలో ఇంకొకరో. మీరు పైన చదివిన వివరాలు కూడా అలా మార్చినవే. వాదానికి కావలసినవి మార్చలేం. ఖుర్బానీ కాలేదన్నది, గిన్నె ఆమె పంపిందన్నది, అందులో ఏదో ఉందన్నది. అవి మార్చితే పేపర్ అబద్ధం అవుతుంది, ఉంచితే ఖాలా కనిపిస్తుంది. ఇక్కడ పద్ధతుల పుస్తకాలు దారి చూపించవు. ఆమె దగ్గరికి వెళ్లి అడగడమే.

వెళ్లాను. నిమ్మకాయల పేరా చదివి, అర్థం చెప్పాను. ఆమె ఇజ్జత్ కాపాడుకోవడం గురించి నేను రాసిన రెండు వాక్యాలు కూడా చదివాను. ఖాలా విన్నారు. "ఇజ్జత్ నువ్వు రాసుకున్నావు బేటా," అన్నారు. "మా సాస్ చెప్పేది, ఖాలీ బర్తన్ నక్కో భేజో, బర్కత్ జాతీ. అందుకని పంపాను."

ఇది నా థీమ్‌ని కొట్టేసినట్టా? నోట్స్ మళ్లీ తీశాను. ఆమె మూడు ఇళ్లకి గిన్నెలు పంపిందన్నది మారదు. కవర్ విప్పాల్సి వచ్చిందన్నదీ మారదు. మారింది కారణం పేరు. ఆమె చెప్పిన కారణం బర్కత్, నేను చదివిన అర్థం ఇజ్జత్. ఆమె మనసులో ఇజ్జత్ ఉందని నేను రాయలేను, అది నాకు కనిపించలేదు. ఆ గిన్నె వల్ల గల్లీలో ఏం జరిగిందో రాయగలను. పేపర్‌లో ఆ రెండు వాక్యాలూ విడదీశాను. ముందు ఖాలా మాట, జంట కోట్స్‌లో, బర్కత్ అన్న ఆమె మాటతోనే. తర్వాత నా మాట, ఇది నా అర్థం అని చెప్పి.

నింబూ సంగతి ఉంచమంటారా, తీసేయమంటారా అని కూడా అడిగాను. "ఉంచు," అన్నారు. "ఆరు కాదు, ఏడు పంపాను. ఒకటి పిల్ల దారిలో పడేసుంటుంది." పేపర్‌లో ఆరు అనే ఉంది, గుమ్మంలో నేను చూసింది ఆరే కాబట్టి. ఏడోది ఆమె మాటగా ఫుట్‌నోట్‌లో ఉంది.